వడి అన్నచోట వేగం అంటే మార్కు ఎవరికి పోతుంది?

ఒక ప్రశ్న చూద్దాం. ఒక కుర్రాడు 400 మీటర్ల ట్రాక్ మీద ఒక చుట్టు పరిగెత్తి, బయలుదేరిన చోటికే వచ్చి ఆగాడు. 100 సెకన్లు పట్టింది. అతని యావరేజ్ స్పీడ్ ఎంత? కింద నాలుగు జవాబులు ఇచ్చారు: సున్నా, 2, 4, 8. అన్నీ సెకనుకు మీటర్లలోనే. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇది అర నిమిషం పని. 400ను 100తో భాగిస్తే 4 వస్తుంది, అక్కడ టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారు.

ఇదే ప్రశ్నను తెలుగులోకి తెచ్చినప్పుడు "అతని సగటు వేగం ఎంత?" అని రాశారనుకోండి. చదివితే ఏ లోపమూ కనబడదు. బస్సు వేగం, బంతి వేగం, గాలి వేగం అని మనమంతా అనే మాటే అది. కానీ తెలుగు మీడియం భౌతికశాస్త్రం పుస్తకంలో స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం. వడి లెక్కకు ఎంత దూరం తిరిగాడన్నది కావాలి. వేగం లెక్కకు బయలుదేరిన చోటినుంచి ఆగిన చోటికి ఎంత ఎడం ఉందన్నది కావాలి. దాన్నే పుస్తకం స్థానభ్రంశం అంటుంది. మన కుర్రాడు తిరిగి మొదటి చోటికే వచ్చాడు కాబట్టి స్థానభ్రంశం సున్నా, సగటు వేగమూ సున్నాయే. పాఠం శ్రద్ధగా చదివిన తెలుగు మీడియం అమ్మాయి సున్నా దగ్గర టిక్కు పెడుతుంది. కీ 4 అంటుంది. ఆమెకు మార్కు పోతుంది.

ఈ తప్పు దెబ్బకొట్టేది చదవని పిల్లల్ని కాదు. వడికీ వేగానికీ తేడా తెలియని పిల్లవాడు మామూలుగా 400ను 100తో భాగించి 4 అని రాస్తాడు, మార్కు తెచ్చుకుంటాడు. ఆ తేడా కోసమే నాలుగు సార్లు పాఠం చదివిన అమ్మాయి నష్టపోతుంది. వ్యాసరూప ప్రశ్న అయితే లెక్క చూసి దిద్దే మాస్టారు విషయం గ్రహించవచ్చు. ఓఎంఆర్ పత్రం మీద నింపిన గుండ్రని గడి ఎందుకు నింపారో చెప్పదు.

ఇలాంటిది జరగడానికి అనువాదకుడికి తెలుగు రాకపోవడం కారణం కాదు, బాగా రావడమే కారణం. వడి అనే మాట ఇంట్లో, వీధిలో ఎక్కువగా వినబడదు. వేగం నోటికి సహజంగా వస్తుంది. రహదారి బోర్డు మీద వేగమే, పత్రికలో వేగమే. విజ్ఞానశాస్త్రం మాత్రం వాడుకలో ఒకటిగా ఉన్నవాటిని రెండుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో మాట కేటాయించింది. ఆ కేటాయింపు పిల్లలకు తెలిసేది పాఠ్యపుస్తకం ద్వారానే. అందుకే ప్రశ్నపత్రం అనువాదంలో మొదటి ప్రమాణం నిఘంటువు కాదు, పిల్లల చేతిలో ఉన్న పుస్తకం. 1961లో కేంద్రం ఏర్పాటుచేసిన శాస్త్ర సాంకేతిక పదావళి కమిషన్, 1968లో హైదరాబాదులో మొదలైన తెలుగు అకాడమి ఈ పదాల కోసం ఎంతో పనిచేశాయి. అకాడమి పారిభాషిక పదకోశాలు అనువాదకుడి బల్ల మీద ఉండాల్సినవే. అయినా పదో తరగతి పేపరులో పదో తరగతి పుస్తకంలో లేని మాట, ఎంత చక్కనిదైనా, రాయకూడదు. ఆ మాటను ఆ పిల్లలు అంతకుముందు ఎక్కడా చూసి ఉండరు.

పత్రికల అలవాటు ఇంకో చోట కూడా దారి తప్పిస్తుంది. అణుబాంబు, అణువిద్యుత్ కేంద్రం, అణుశక్తి అని రోజూ చదువుతాం. అవన్నీ నిజానికి ఆటమ్‌కూ, దాని లోపలి కేంద్రకానికీ సంబంధించిన సంగతులు. పాఠ్యపుస్తకంలో ఆటమ్ అంటే పరమాణువు. అణువు అంటే మాలిక్యూల్, అంటే కొన్ని పరమాణువులు కలిసి ఏర్పడినది. ఇప్పుడు "18 గ్రాముల నీటిలో ఎన్ని పరమాణువులు ఉంటాయి?" అన్న ప్రశ్నను తీసుకోండి. 18 గ్రాముల నీరు అంటే ఒక మోల్. అందులో 6.022 × 10²³ అణువులుంటాయి. ఒక్కో అణువులో రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, మొత్తం మూడు పరమాణువులు. కాబట్టి జవాబు దానికి మూడు రెట్లు, 18.066 × 10²³. తెలుగు ప్రతిలో "పరమ" రెండు మూడక్షరాలు జారిపోయి "ఎన్ని అణువులు" అని పడితే జవాబు మూడో వంతుకు దిగిపోతుంది. పేపర్ సెట్ చేసేవాళ్లు పిల్లలు ఎక్కడ పొరబడతారో ఊహించి ఆ తప్పు జవాబును కూడా నాలుగింటిలో ఒకటిగా పెడతారు. కాబట్టి పిల్లవాడికి అనుమానం కూడా రాదు. తను కట్టిన జవాబు ఎదురుగానే ఉంటుంది మరి.

రసాయనశాస్త్రంలో ఒక మూడు మాటలు నన్ను ఎప్పుడూ భయపెడతాయి: ద్రావితం, ద్రావణి, ద్రావణం. కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ కలిసినది ద్రావణం. చివరి రెండింటికీ తేడా గుడి, సున్నాల దగ్గరే ఉంది. "200 గ్రాముల ద్రావణంలో 20 గ్రాముల ఉప్పు ఉంది, ద్రవ్యరాశి శాతం ఎంత?" అంటే 20ను 200తో భాగించి వందతో గుణించాలి, 10 శాతం వస్తుంది. "200 గ్రాముల ద్రావణిలో 20 గ్రాముల ఉప్పు కరిగించారు" అంటే మొత్తం 220 గ్రాములైంది, శాతం సుమారు 9.09కి పడిపోయింది. రెండు వాక్యాలూ వ్యాకరణపరంగా నిక్షేపంగా ఉన్నాయి, రెండూ అర్థవంతమైన లెక్కలే. ప్రూఫులు చూసేవారికి అచ్చుతప్పుగా కనబడే అవకాశమే లేదు. వెలుగు పాఠంలో విక్షేపణం, పరిక్షేపణం కూడా ఇలాంటి జంటే. పట్టకం తెల్లని కాంతిని రంగులుగా విడదీయడం విక్షేపణం, ఆకాశం నీలంగా కనబడడానికి కారణం పరిక్షేపణం. ఇలాంటి జంటలను ఒకసారి గుర్తించి పెట్టుకుని, పేపరు పూర్తయ్యాక వాటికోసమే మరోసారి చదవాలి.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఒక ఇంగ్లీషు మాటకు ఎప్పుడూ ఒకే తెలుగు మాట రాస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. సెల్ అనే మాట జీవశాస్త్రంలో కణం, విద్యుత్ పాఠంలో ఘటం. అదే కణం భౌతికశాస్త్రంలోకి వస్తే పార్టికల్ అవుతుంది. కాబట్టి స్థిరంగా ఉంచాల్సింది మాటను కాదు, భావాన్ని: ఒక పేపరులో ఒక భావానికి ఒకే మాట, ఒక పాఠంలో ఒక మాటకు ఒకే భావం.

దీనికి మంచి పరీక్ష క్షారం. పుస్తకంలో బేస్ అంటే క్షారం. నీటిలో కరిగే క్షారాన్ని ఆల్కలీ అంటారు. సోడియం హైడ్రాక్సైడ్ నీటిలో కరుగుతుంది కాబట్టి అది క్షారమూ, ఆల్కలీ కూడా. కాపర్ హైడ్రాక్సైడ్ కరగదు, అది క్షారమే కానీ ఆల్కలీ కాదు. ఆల్కలీలన్నీ బేసులే, బేసులన్నీ ఆల్కలీలు కావు అన్న వాక్యాన్ని సమర్థించమని ఇంగ్లీషు పేపరు అడిగింది. రెండింటికీ క్షారం అని రాస్తే తెలుగు పేపరులో "క్షారాలన్నీ క్షారాలే, కానీ క్షారాలన్నీ క్షారాలు కావు" అని వస్తుంది. అలా వచ్చింది కాబట్టి ఎవరి కంటికైనా తగులుతుంది, అదృష్టం. కానీ "కింది వాటిలో ఆల్కలీ కానిది ఏది?" అని ఉన్నచోట "క్షారం కానిది ఏది?" అని రాస్తే ఏ కంటికీ తగలదు. ఇచ్చిన నాలుగూ హైడ్రాక్సైడ్‌లే అయితే జవాబే లేని ప్రశ్న తయారవుతుంది. అందుకని ఆల్కలీని ఆల్కలీగానే ఉంచాలి. తెలుగు లిపిలో రాసిన ఇంగ్లీషు మాట అని మొహమాటపడనక్కర్లేదు, పిల్లలకు అది తెలుసు. మరి ఆల్కలీ మెటల్స్ మాటేమిటి? వాటికి క్షార లోహాలు అన్న పేరు పుస్తకంలో స్థిరపడిపోయింది. దాన్ని కదపకూడదు. క్షార లోహం అన్నది రెండు మాటల కలయిక కాదు, అదే ఒక పూర్తి పదం. జాబితాలో దానికి వేరే వరుస ఉండాలి.

జాబితా అన్నాను కదా, ఈ పనిలో అన్నిటికంటే ఉపయోగపడేది అదే. పేపరు అనువాదం మొదలుపెట్టకముందే ఇంగ్లీషు పేపరు మొత్తం ఒకసారి చదివి, సాంకేతిక పదాలన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒక పేపరులో అవి రెండు మూడు డజన్లు మించవు. ప్రతి పదం ఎదురుగా తెలుగు పదం, అది ఏ తరగతి పుస్తకంలో ఏ పేజీలో ఉందో, ఆ పక్కనే అక్కడ రాయకూడని మాట. వడి ఎదురుగా "వేగం రాయవద్దు", బలం ఎదురుగా "శక్తి రాయవద్దు", పరమాణువు ఎదురుగా "అణువు రాయవద్దు". ఆ చివరి గడి లేకపోతే జాబితా సగమే పనిచేస్తుంది. చేయి అలవాటుగా రాసేది ఆ మాటనే కాబట్టి.

పేజీ సంఖ్య ఎందుకంటే, ప్రశ్నపత్రం రహస్యం. పదిమందికి చూపించి అభిప్రాయం అడిగే వీలుండదు. చూసేది ఇద్దరో ముగ్గురో, అదీ గడువులోపే. ఇద్దరికి అభిప్రాయభేదం వస్తే వాదించుకునే తీరిక ఉండదు, పుస్తకం తెరిచి ఆ పేజీ చూసుకుంటే తేలిపోతుంది. అందుకే అనువాదానికి కూర్చునే చోట ఆ తరగతి పుస్తకాలు రెండు మాధ్యమాలవీ తప్పకుండా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా ముద్రించిన ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఈ వెతుకులాట చాలా తేలికైంది. అదే పేరా ఎదుటి పేజీలో ఉంటుంది, చూపు అటు తిప్పితే చాలు.

అనువాదం ఎప్పుడూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకే జరగదు. పేపరును మొదట తెలుగులో తయారుచేసే మాస్టార్లు ఉన్నారు. ఆ దారిలో ప్రమాదం ఎక్కువగా శక్తి దగ్గర పొంచి ఉంటుంది. మాట్లాడేటప్పుడు మనకు గురుత్వాకర్షణ శక్తి, విద్యుత్ శక్తి, ఇంజను శక్తి, అన్నీ శక్తులే. పుస్తకంలో మాత్రం ఫోర్స్ అంటే బలం, ఎనర్జీ అంటే శక్తి, పవర్ అంటే సామర్థ్యం. తెలుగు ప్రతిలో వాడుక మాట ఒకటి దొర్లితే ఇంగ్లీషులోకి మార్చే మనిషి దాన్ని నమ్మి ఎనర్జీ అని రాసేస్తాడు. దీన్ని పట్టుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది: ప్రమాణం చూడటం. ఇద్దరు కూర్చుని, ఒకరు తెలుగు ప్రతి పైకి చదువుతుంటే, రెండోవారు ఇంగ్లీషు ప్రతి మీద వేలు పెట్టుకుని వింటారు. అలా చదివేటప్పుడు మాటలు ఇలా నడుస్తాయి:

"సర్, పన్నెండో ప్రశ్న. 'ఒక బల్బు వినియోగించే శక్తి 60 వాట్లు...'"

"ఆగండమ్మా. వాట్లు అన్నారా?"

"అవును సర్, వాట్లే."

"వాట్లయితే అది శక్తి కాదు, సామర్థ్యం. శక్తయితే జౌళ్లలో ఉండాలి. ఇంగ్లీషులో ఏముందో చూస్తానుండండి... పవర్ అనే ఉంది. తెలుగు మార్చేయండి."

న్యూటన్ కనబడితే అక్కడ ఉండాల్సింది బలం. జౌల్ కనబడితే పని గానీ శక్తి గానీ. వాట్ కనబడితే సామర్థ్యం. ద్రవ్యరాశి అని ఉండి పక్కన న్యూటన్లు ఉంటే అది భారం అయి ఉండాలి. ఈ సాక్ష్యానికి కూడా పరిమితి ఉంది. వడికీ వేగానికీ ప్రమాణం ఒకటే, సెకనుకు మీటర్లు. అక్కడ ప్రమాణం ఏమీ చెప్పదు. దిశ ప్రస్తావన ఉందా, దూరం ఇచ్చారా, స్థానభ్రంశం ఇచ్చారా అన్నది చూడాలి. అణువుల, పరమాణువుల లెక్కలో కూడా ప్రమాణం అక్కరకు రాదు. అందుకే అనువాదకుడే ప్రతి లెక్కనూ తెలుగు ప్రతి మీద నుంచి ఒకసారి చేసి చూడాలని నా పట్టుదల. ఇంగ్లీషు ప్రతిని మూసి పక్కన పెట్టి, తెలుగులో ఉన్నదాన్ని బట్టే జవాబు కట్టి, ఆ తర్వాత కీతో పోల్చాలి. 400 మీటర్ల ట్రాక్ ప్రశ్న ఈ ఒక్క పనితో దొరికిపోయేది.

కంప్యూటర్ మీద సవరించేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. తప్పు తెలిసింది, వేగం అన్నచోటల్లా వడి పెట్టాలి, ఒక్క మీట నొక్కి అన్నిటినీ మార్చేద్దాం అనిపిస్తుంది. తెలుగులో ఆ పని చేయకూడదు. మొదట, మాట రూపం మారుతుంది. వేగం, వేగంతో, వేగాన్ని, వేగానికి, వేగాలు అని రకరకాలుగా ఉంటుంది, "వేగం" అని వెతికితే సగం తప్పించుకుంటాయి. సరే, "వేగ" అని వెతికితే అన్నీ దొరుకుతాయి, అనవసరమైనవి కూడా దొరుకుతాయి. మొమెంటమ్‌కు మన పుస్తకంలో మాట ద్రవ్యవేగం. గుడ్డిగా మార్చేస్తే అది "ద్రవ్యవడి" అయిపోతుంది. వెలాసిటీ అని అడిగిన మరో ప్రశ్నలో సరిగ్గా ఉన్న వేగం కూడా చెడిపోతుంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చడం తప్ప దారి లేదు. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేపరును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు గుడులూ ఒత్తులూ చెదురుతాయి కాబట్టి, ద్రావణం, ద్రావణి లాంటి జంటలను అప్పుడు మళ్లీ చూడాలి.

బొమ్మలను చాలామంది మరిచిపోతారు. ప్రశ్నలో నిరోధం అని ఉంటుంది, పక్కన వలయం బొమ్మ మీద రెసిస్టెన్స్ అనే ఇంగ్లీషు మాట అలాగే మిగిలిపోతుంది. లేదా గుండె బొమ్మలో కర్ణిక, జఠరిక అని గుర్తించి, ప్రశ్నలో మాత్రం పై గది, కింది గది అంటారు. బొమ్మలు విడిగా చేస్తారు కాబట్టి జాబితా బొమ్మ వేసేవాళ్ల దగ్గరికి చేరదు. కీ సంగతీ అంతే. వాల్యుయేషన్ కోసం ఇచ్చే కీని చాలాసార్లు వేరే చేయి తర్జుమా చేస్తుంది. ప్రశ్నలో బాష్పీభవనం అని అడిగి, కీలో ఇగరడం అని రాస్తే, దిద్దే వేలమందిలో కొందరు రెండూ ఒకటేనని తీసుకుంటారు, కొందరు తీసుకోరు. జాబితా బొమ్మలకూ కీకీ కూడా అదే ఉండాలి.

తెలుగు పదాల్లో కొన్ని జవాబును తామే చెప్పేస్తాయి, ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి. ఫొటోసింథసిస్‌కు ఏది అవసరం అని అడిగితే ఇంగ్లీషు పిల్లవాడు గుర్తు తెచ్చుకోవాలి. కిరణజన్య సంయోగక్రియకు ఏది అవసరం అంటే కిరణం పేరులోనే ఉంది. ఇది అనువాదకుడి తప్పు కాదు, మాటను మార్చడమూ సబబు కాదు. పేపర్ సెట్ చేసేవారికి చెప్పి ప్రశ్ననే మార్చుకోమనాలి. ఈ మాట చెప్పగలిగేది రెండు ప్రతులూ పక్కపక్కన చూసే మనిషి ఒక్కరే.

ఇంత చేసినా తప్పు దాటిపోతే ఏం జరుగుతుంది? జాతీయ స్థాయి పరీక్షల నిబంధన సూటిగా ఉంది. నీట్ పరీక్షను తెలుగుతో కలిపి 13 భాషల్లో పెడుతున్నారు, 2021 నుంచి జేఈఈ మెయిన్ కూడా అంతే. అనువాదంలో సందిగ్ధం ఉంటే ఇంగ్లీషు ప్రతినే తుది ప్రతిగా తీసుకుంటారు. దీని మీద పెద్ద వివాదం తమిళనాడులో వచ్చింది. 2018 నీట్ తమిళ ప్రతిలో 49 ప్రశ్నల్లో అనువాద దోషాలున్నాయని రాజ్యసభ సభ్యుడు టి.కె. రంగరాజన్ కోర్టుకు వెళ్లారు. ప్రశ్నకు 4 మార్కుల చొప్పున తమిళంలో రాసిన అందరికీ 196 మార్కులు కలపాలని ఆ జులైలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది. మొత్తం 720 మార్కుల పరీక్షలో 196 అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ. సుప్రీంకోర్టు వెంటనే దాన్ని నిలిపివేసి, నవంబరులో కొట్టేసింది. ఒక పక్క తప్పుల పేపరు రాసిన పిల్లలు, ఇంకో పక్క ఆ 196 మార్కులతో తమకంటే ముందుకు వెళ్లిపోతారని భయపడిన మిగతా పిల్లలు. పేపరు బయటికి వచ్చాక అందరికీ న్యాయం చేసే లెక్క దొరకడం చాలా కష్టం.

ఇంగ్లీషు ప్రతే తుది అన్న నిబంధన పరీక్ష పెట్టేవారికి అవసరమే, ఏదో ఒకదాన్ని మూలంగా పెట్టుకోక తప్పదు. కానీ అది ఆచరణలో తెలుగు పిల్లవాడితో చెప్పేది, అనుమానం వస్తే పక్కనున్న ఇంగ్లీషు చదువుకో అని. అనుమానం వస్తేనే కదా చదివేది? సగటు వేగం అన్న మాటలో ఆ అమ్మాయికి అనుమానం రావడానికి ఏమీ లేదు. అందుకే తెలుగు ప్రతిలో ముఖ్యమైన సాంకేతిక పదం మొదటిసారి వచ్చినప్పుడు దాని పక్కనే ఇంగ్లీషు పదాన్ని కూడా అచ్చువేయడం మేలు. రెండు రాష్ట్రాల పుస్తకాల్లో ఒకే భావానికి వేర్వేరు మాటలుంటే రెండూ ఇవ్వాలి. ఒక పంక్తి పొడవు పెరుగుతుంది, అంతే.

రాష్ట్ర స్థాయి పరీక్షల్లో ఫలితాలకు ముందే దోషం బయటపడితే ఎక్కువగా ఆ ప్రశ్నకు అందరికీ మార్కు కలిపేయడం తేలిక దారిగా కనబడుతుంది. నేను దాన్ని ఒప్పుకోను. అసలు రాయనివాళ్లకూ మార్కు వస్తుంది, సరిగ్గా రాసినవాళ్ల శ్రమకు విలువ పోతుంది. ట్రాక్ ప్రశ్నలాంటి వాటిలో తెలుగు ప్రతికి విడిగా కీ ఇవ్వవచ్చు. అందులో సున్నా సరైన జవాబే, ఎందుకంటే అడిగినది వేగం. 4 అని రాసినవాళ్లు పక్కనున్న ఇంగ్లీషును చదివి రాసి ఉండవచ్చు కాబట్టి దాన్నీ ఒప్పుకోవాలి. 2 అనీ 8 అనీ రాసినవాళ్లకు మాత్రం మార్కు ఇవ్వడానికి కారణం లేదు.